జాతకచక్రము — పొంతనకు కావలసిన జన్మవివరములు

పెండ్లి మాటలు మొదలైన ఇంట మొట్టమొదట వినవచ్చు మాట 'జాతకము పంపుడు' అన్నది. జాతకము వ్రాయించి ఉంచినవారు దానిని పంపుదురు. వ్రాయించనివారు పుట్టినతేదీ ఒకటి కాగితముపై వ్రాసి పంపి, ఇంతటితో సరిపోవునని తలంతురు. కొందరు తేదీతోపాటు 'రాత్రి భోజనముల వేళ' అనియో, 'తెల్లవారుజామున' అనియో చేర్చుదురు. ఇట్టి వివరములతో పొంతన చూచుట యెట్లు? ఏ వివరము దేనికి పనికివచ్చును? ఎంత పొరపాటు ఎంత మార్పు తెచ్చును? జాతకము సంగతి బొత్తిగా తెలియనివారికి అర్థమగునట్లు ఈ విషయమును నేడు ముచ్చటింతము.

జాతకచక్రమనగా, శిశువు పుట్టిన క్షణమున, పుట్టిన చోటనుండి చూచినపుడు ఆకాశమున గ్రహములెక్కడెక్కడ ఉన్నవో తెలుపు పటము. సూర్యచంద్రులు నడచు ఆకాశమార్గమును మన పెద్దలు పండ్రెండు సమభాగములు చేసి, మేషము మొదలు మీనము వరకు రాశులని పేరిడిరి. మన తెలుగునాట ఈ పటమును చదరముగా గీయుదురు. చుట్టును పండ్రెండు గళ్లు, నడుమ ఖాళీ స్థలము. ఎడమవైపు పైమూలగడి మీనము. దాని ప్రక్కది మేషము. అక్కడినుండి కుడివైపుగా తిరిగిన వరుసగా తక్కిన రాశులు వచ్చును. ఏ గ్రహము ఏ రాశిలో నున్నదో ఆ గడిలో దాని పేరు మొదటి అక్షరము వ్రాయుదురు. ఒక గడిలో 'ల' అని యుండును. అది లగ్నము, అనగా పుట్టిన వేళకు తూర్పుదిక్కున ఉదయించుచున్న రాశి.

ఈ పటములో పొంతనకు ముఖ్యమైనవి రెండు: చంద్రుడున్న నక్షత్రము, లగ్నము. ఈ రెండింటి నడక వేరు వేరు. ఈ భేదము తెలిసినచో తక్కిన దంతయు తేలికగా బోధపడును.

చంద్రుడు మెల్లగా నడచును. ఆకాశమార్గమున ఇరువదియేడు నక్షత్రములున్నవి గదా! ఒక్కొక్కదానిని దాటుటకు అతనికి దాదాపు ఒక దినము పట్టును. నక్షత్రమునకు నాలుగు పాదములు. కనుక ఒక పాదము ఇంచుమించు ఆరు గంటలు. తొమ్మిది పాదములు కలిసిన ఒక రాశి. లగ్నమట్లు గాదు. భూమి తనచుట్టు తాను తిరుగుటవలన ఒక దినములోనే పండ్రెండు రాశులును తూర్పున ఉదయించును. కావున ఒక్కొక్క లగ్నము సుమారు రెండుగంటలే నిలుచును. చంద్రుని స్థితికి పుట్టిన ఊరుతో అంతగా పని లేదు. లగ్నమునకు మాత్రము ఊరు తప్పక కావలెను. హైదరాబాదు కంటె విశాఖపట్టణమున సూర్యుడు దాదాపు పందొమ్మిది నిమిషములు ముందుగా నడినెత్తికి వచ్చును; లగ్నములు కూడ ఆ ప్రకారమే ముందుగా ఉదయించును.

ఇక పొంతన. మన పంచాంగములలో వధూవరుల గుణమేళనమునకు ముప్పదియారు గుణముల పట్టిక యుండును. ఎనిమిది కూటములు కలిసి ఈ 36 గుణములగును. 18 గుణములైన ఉండవలెనని వాడుక. ఈ యెనిమిదింటిలో తార, యోని, గణము, నాడి అను నాలుగు నక్షత్రమునుబట్టి వచ్చును. వర్ణము, వశ్యము, గ్రహమైత్రి, రాశికూటము అను నాలుగు చంద్రుడున్న రాశినిబట్టి వచ్చును. అనగా ఈ పట్టిక మొత్తము చంద్రునిపైననే ఆధారపడినది. లగ్నముతో దానికి నిమిత్తము లేదు. లగ్నము కావలసినది కుజదోషము మున్నగువానిని చూచుటకు. లగ్నమునుండి రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పండ్రెండవ స్థానములలో కుజుడున్న దోషమని చెప్పుదురు. చంద్రునినుండియు, శుక్రునినుండియు కూడ ఇట్లే లెక్కించువారున్నారు. లగ్నము ఒక గడి మారెనా, కుజుని స్థానము కూడ మారును. లేని దోషము వచ్చును, ఉన్న దోషము పోవును.

కావున గుణములు చూచుటకు తేదీ, ఉజ్జాయింపుగా వేళ చాలునని తోచును. పలుమారులు చాలును గాని, ఎల్లప్పుడు చాలదు. ఒక ఉదాహరణము తీసికొందము.

విజయవాడలో మార్గశిర పౌర్ణమి ప్రాంతమున ఒక బాలిక జన్మించినదనుకొందము. ఆనాడు పంచాంగము ప్రకారము మృగశిర ఉదయము 10-40కి ప్రవేశించి, మరునాడు ఉదయము 10-40 వరకు ఉన్నది. అనగా ఇరువదినాలుగు గంటలు. నాలుగిట భాగించిన పాదమునకు ఆరు గంటలు. మొదటిపాదము సాయంకాలము 4-40కి, రెండవపాదము రాత్రి 10-40కి ముగిసినవి. మృగశిర మొదటి రెండుపాదములు వృషభరాశి. కడపటి రెండును మిథునరాశి. ఇంటివారు చెప్పిన వేళ రాత్రి పదిన్నర. కనుక రెండవపాదము, వృషభరాశి అని తేలినది.

వరుని నక్షత్రము మూల. కనుక రాశి ధనుస్సు. వృషభమునుండి లెక్కించిన ధనుస్సు ఎనిమిదవది; ధనుస్సునుండి వృషభము ఆరవది. దీనినే షష్ఠాష్టకమందురు. రాశికూటమునకు గల ఏడు గుణములలో ఒక్కటియు రాదు. 'షష్ఠాష్టకము, సంబంధము వలదు' అని పెద్దలు లేచిపోవుటకు ఇది చాలును.

ఇంతలో బాలిక తల్లి ఆసుపత్రి కాగితమును వెదకి తీసినది. అందు జననము 10-50 అని యున్నది. ఇంటివారు చెప్పినదానికిని దీనికిని భేదము ఇరువది నిమిషములే. కాని ఆ నడుమనే 10-40 కలదు. ఇప్పుడు మూడవపాదము, మిథునరాశి. మిథునమునుండి ధనుస్సు ఏడవది. అటునుండి ఇటును ఏడవదే. ఇది సమసప్తకము, రాశికూటమునకు ఏడుకు ఏడు గుణములును వచ్చును. నక్షత్రము మారలేదు గనుక తార, యోని, గణము, నాడి అట్లే యున్నవి. బాలిక నాడి మధ్య, వరునిది ఆది; కనుక నాడీదోషము అప్పుడును లేదు, ఇప్పుడును లేదు. లగ్నమందురా, ఆ ఋతువున, ఆ ఊరిలో రాత్రి పదిన్నర మొదలు 10-50 వరకు సింహమే. అదియు మారలేదు. మారినది రాశి యొక్కటే. దానితో వీగిపోవు సంబంధము నిలిచినది.

కనుక వేళ ఉజ్జాయింపుగా తెలిసినపుడు చేయవలసిన పని యిది: ఆ వేళకు ముందువెనుకల గంటలో పాదముగాని, లగ్నముగాని మారుచున్నదేమో సిద్ధాంతిగారిని అడుగవలెను. మారకున్న చింత లేదు. మారుచున్నచో నిజమైన వేళ తేలువరకు సంబంధమును త్రోసివేయరాదు, ఖాయపరుపనురాదు.

వివరములు సేకరించునపుడు ఎక్కువగా తప్పులు దొరలు తావులు కొన్ని యున్నవి. మొదటిది అర్ధరాత్రి. మన సంప్రదాయమున దినము సూర్యోదయముతో మొదలగును. ఆసుపత్రి గడియారమున అర్ధరాత్రితో మారును. మంగళవారము రాత్రి పండ్రెండు దాటి పది నిమిషములకు పుట్టిన శిశువును ఇంటివారు మంగళవారపు బిడ్డ అందురు. కాగితములో బుధవారపు తేదీ యుండును. రెండును నిజమే. కాని బామ్మగారు చెప్పిన వారమును పట్టుకొని, అంతకుముందు రాత్రి తేదీ వేసిన, ఒక దినము మొత్తము వెనుకకు పోవును, నక్షత్రమే మారును. అందుచేత 'పదునాలుగవ తేదీ రాత్రి తెల్లవారితే పదునైదు, 12-10' అని రెండు తేదీలును వ్రాయుట మంచిది.

రెండవది బడిలో చేర్చునపుడు వ్రాయించిన తేదీ. వయస్సు చాలుటకై తేదీ మార్చి వ్రాయించిన కుటుంబములు ఎన్నియో కలవు. ఆ తేదీ ఉద్యోగమునకు పనికివచ్చును గాని జాతకమునకు పనికిరాదు. మూడవది పరదేశ జననము. నేడు మన పిల్లలు అనేకులు అమెరికాలో పుట్టుచున్నారు. అక్కడ పెక్కు రాష్ట్రములలో వేసవిలో గడియారమును ఒక గంట ముందుకు త్రిప్పుదురు. కావున ఊరి పేరును, అక్కడి గడియారపు వేళను ఉన్నదున్నట్లు పంపవలెను. ఇంటివారే మన దేశకాలమునకు మార్చి పంపిన, గణించువారు మరల మార్చి, లెక్క చెడును.

చక్రము చేతికి వచ్చిన పిమ్మట గణితము తెలియనివారు కూడ కొన్ని తప్పులు పట్టవచ్చును. రాహుకేతువులు ఎల్లప్పుడు ఎదురెదురు గళ్లలో, ఒకరికొకరు ఏడవయింట ఉండవలెను. బుధుడు సూర్యునితోగాని, ప్రక్కగడిలోగాని ఉండును. శుక్రుడు సూర్యునికి రెండు గళ్లు మించి దూరము పోడు. సూర్యోదయమున పుట్టినవారికి సూర్యుడున్న రాశియే లగ్నము. సూర్యాస్తమయమున పుట్టినవారికి దాని ఏడవ రాశి. సంధి వేళనైన ప్రక్కగడి కావచ్చును, అంతే. సాయంసంధ్యలో పుట్టిన బిడ్డ చక్రమున లగ్నము సూర్యునితో కలసి కనబడినచో, ఉదయము సాయంకాలములు తారుమారైనవని తెలిసికొనవలెను.

అసలు వేళయే తెలియనివారికి నామనక్షత్రము చూచు వాడుక కలదు. పేరు మొదటి అక్షరమునుబట్టి నక్షత్రము నిర్ణయింతురు. అట్లు చూచినపుడు ఇరువురికిని పేరునుబట్టియే చూడవలెను. ఒకరికి జన్మనక్షత్రము, మరియొకరికి నామనక్షత్రము కలుపరాదు. అట్లే దృగ్గణితపంచాంగమునకును, పూర్వపద్ధతి పంచాంగమునకును నక్షత్రము ముగియు వేళలలో భేదముండును. ఇరువురి జాతకములును ఒకే పద్ధతిపై గణించినవి కావలెను.

గ్రహమెక్కడ నున్నదను మాట గణితము; తప్పొప్పులు తేల్చవచ్చును. ఆ స్థితివలన దాంపత్యమిట్లుండునను మాట విశ్వాసము. దానిని నేటి విజ్ఞానశాస్త్రము అంగీకరింపలేదు. విశ్వసించువారు చూతురు, విశ్వసింపనివారు మానుదురు. కాని చూచువారు సంఖ్య కుదురుటకై వేళను దిద్దించుట, మూల, ఆశ్లేష వంటి నక్షత్రములను మరుగుపరచుట తగదు. దిద్దిన వేళకు వచ్చిన గుణములు మరియొకరి గుణములే గాని ఆ పిల్లవి కావు.

కాబట్టి జాతకము అడిగినవారికి పంపవలసినవి నాలుగు: రెండు వైపులా తేదీతో పుట్టినదినము, నిమిషములతో వేళ, ఊరు, ఆ వేళ ఎక్కడినుండి గ్రహించినదను మాట. ఈ నాల్గవది ఎవ్వరును వ్రాయరు. 'ఆసుపత్రి కాగితమునుండి' అనియో, 'అమ్మమ్మ జ్ఞాపకమునుండి' అనియో ఒక్క ముక్క వ్రాసిన, చూచువారికి ఎంతవరకు నమ్మవలెనో, ఎక్కడ మరల అడుగవలెనో తెలియును.