"పదో తరగతి మ్యాథ్స్ ఎనిమిదో చాప్టర్" అంటే ఏ పాఠం? వీడియో టైటిల్‌లో ఏం రాయాలి

ఈ ఎపిసోడ్‌లో లెక్కలు చెప్పట్లేదు. లెక్కల వీడియోకి పేరు ఎలా పెట్టాలో చెప్తాను. నేను పెట్టిన ఒక తప్పుడు పేరు వల్ల ఓ ఇంట్లో ఒక అమ్మాయి అనవసరంగా తిట్లు తింది. ముందు ఆ సంగతి చెప్పి విషయంలోకి వెళ్తా.

2022లో, ఇంకా ఉద్యోగం చేస్తూనే శని ఆదివారాల్లో పాఠాలు రికార్డ్ చేసేవాణ్ణి. అప్పుడు పెట్టిన ఒక వీడియో టైటిల్ ఇది.

```
10th Class Maths Chapter 8 Part 1 in Telugu
```

పాఠం సరూప త్రిభుజాలు. వీడియో బాగానే వెళ్ళింది. 2024లో గుంటూరు వైపు నుంచి ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టారు. వాళ్ళమ్మాయికి మర్నాడు స్కూల్లో ఎనిమిదో చాప్టర్ మీద స్లిప్ టెస్ట్. ఆవిడే ఫోన్‌లో వెతికి నా వీడియో పెట్టి పిల్లని కూర్చోబెట్టారు. ఐదు నిమిషాలకి ఆ అమ్మాయి, "అమ్మా, ఇది మా పాఠం కాదు" అంది. ఆవిడ పుస్తకం తీసి చూశారు. పదో తరగతి, మ్యాథ్స్, ఎనిమిది. అన్నీ కలిశాయి. పుస్తకంలోనూ త్రిభుజాల బొమ్మలే, ఫోన్‌లోనూ త్రిభుజాల బొమ్మలే. "చదవడానికి బద్ధకమేసి సాకులు చెప్తున్నావా" అని నాలుగు తిట్టి, నలభై నిమిషాలూ చూపించారు. మర్నాడు టెస్ట్ రాసొచ్చాక తెలిసింది, పిల్ల చెప్పిందే నిజమని. ఆవిడ నన్ను ఏమీ అనలేదండి. "బాబూ, ఆ పేరేదో సరిగ్గా రాస్తే మాలాంటి వాళ్ళకి తెలుస్తుంది కదా" అన్నారు, అంతే.

ఇందులో తమాషా ఏంటంటే, 2022లో ఆ టైటిల్ తప్పు కాదు. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పదో తరగతి గణితం చాప్టర్ల వరుస ఒకటే. ఎనిమిది అంటే రెండు చోట్లా సరూప త్రిభుజాలే. 2024-25 నుంచి ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకంలో ఎనిమిది అంటే త్రికోణమితి పరిచయం. త్రిభుజాల పాఠం అందులో ఆరోది. నా వీడియోలో ఒక్క అక్షరం మారలేదు, కానీ దాని పేరు సగం మందికి అబద్ధమైపోయింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ జబ్బు తెలిసిందే. చాప్టర్ నంబర్ అనేది ప్రైమరీ కీ కాదు. రోల్ నంబర్ 8 అంటే ఏ క్లాసులో, ఏ సెక్షన్‌లో అని అడుగుతాం కదా? చాప్టర్ 8 కూడా అంతే. బోర్డు, తరగతి, సబ్జెక్టు, పుస్తకం వచ్చిన ఏడాది, ఈ నాలుగూ చెప్తే తప్ప ఆ ఎనిమిదికి అర్థం లేదు.

నంబర్లు ఎందుకు తేడా వస్తాయో ఒకసారి చూద్దాం. రెండు పుస్తకాల్లోనూ మొదటి పాఠం వాస్తవ సంఖ్యలు. తెలంగాణ పుస్తకంలో రెండో పాఠం సమితులు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతిలో సమితులు లేవు, అక్కడ రెండోది బహుపదులు. దాంతో బహుపదులు తెలంగాణలో మూడైంది, అక్కడి నుంచి అన్నీ ఒక్కో అంకె జరిగాయి. తర్వాత జ్యామితి పాఠాల వరుస కూడా వేరు కాబట్టి త్రిభుజాలు ఒకచోట ఆరు, ఇంకోచోట ఎనిమిది.

ఒకే బోర్డులో ఉన్నా నంబర్ నిలబడదు. సీబీఎస్ఈ వాళ్ళు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణితంలో ఇదివరకు 15 పాఠాలు. పదకొండోది నిర్మాణాలు. కుదించిన పుస్తకంలో దాన్ని తీసేశారు, ఇప్పుడు 14 పాఠాలే. పది దాకా నంబర్లు అవే, పదకొండు నుంచి ఒక్కోటి వెనక్కి జరిగాయి. పాత వీడియోల్లో చాప్టర్ 13 అంటే ఉపరితల వైశాల్యాలు, ఘనపరిమాణాలు. ఇప్పటి పుస్తకంలో 13 అంటే సాంఖ్యకశాస్త్రం. పాత వీడియో, కొత్త వీడియో రెండూ సెర్చ్‌లో పక్కపక్కనే వస్తాయి.

"సరే, నంబర్ వదిలేసి పాఠం పేరు ఒక్కటే రాస్తే సరిపోతుందిగా" అని మీరనొచ్చు. చాలావరకు సరిపోతుంది, కానీ పూర్తిగా కాదు. వాస్తవ సంఖ్యలే తీసుకోండి. రెండు చోట్లా పేరు అదే, నంబర్ కూడా ఒకటే. కానీ తెలంగాణ పుస్తకంలో ఆ పాఠంలోనే సంవర్గమానాలు, అంటే లాగరిథమ్స్ ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీలో లేవు. తెలంగాణ పిల్లాడు సీబీఎస్ఈ వీడియో చూసి "పాఠం అయిపోయింది" అనుకుంటే లాగ్ లెక్కలు మొత్తం మిగిలిపోతాయి. తప్పు పాఠం చూస్తే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. సగం పాఠం చూస్తే పరీక్ష హాల్లో తెలుస్తుంది. అందుకే బోర్డు పేరు ఉండాల్సిందే.

బోర్డు పేరులో కూడా ఒక చిక్కుంది. "ఎస్ఎస్‌సీ మ్యాథ్స్" అని మాత్రమే రాస్తే స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ఉద్యోగ పరీక్షల వీడియోల్లో కలిసిపోతుంది. మహారాష్ట్రలోనూ పదో తరగతి పరీక్ష పేరు ఎస్ఎస్‌సీనే. "ఏపీ" అని ఒక్కటే రాస్తే ఇంకా నవ్వులాట. ఆ పుస్తకంలో ఐదో పాఠం అంకశ్రేఢులు, దాని ఇంగ్లీష్ పొట్టిపేరు కూడా ఏపీనే. "స్టేట్ సిలబస్" అని రాస్తే ఏ స్టేట్? అందుకే రాష్ట్రం, ఎస్ఎస్‌సీ, తరగతి మూడూ కలిపి రాయాలి.

ఇప్పుడు నేను టైటిల్ ఎలా పెడుతున్నానో చూడండి. రెండూ ఎనిమిదో చాప్టరే.

```
10th Class Maths | Similar Triangles సరూప త్రిభుజాలు | Ch 8 Ex 8.1 | Telangana SSC

10th Class Maths | Introduction to Trigonometry త్రికోణమితి పరిచయం | Ch 8 Ex 8.1 | AP SSC, CBSE
```

యూట్యూబ్ టైటిల్‌కి 100 క్యారెక్టర్లే ఇస్తుంది. తెలుగులో జాగ్రత్తగా లెక్క పెట్టుకోవాలి. "త్రి" మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి నాలుగు: త, పొల్లు, ర, గుడి. పై రెండో టైటిల్ 95 దగ్గర ఆగింది. ఇంకా "సూపర్ ట్రిక్స్", "మిస్ అవ్వకండి" లాంటివి పెట్టడానికి చోటు లేదు, అదీ మంచికే.

వరుస కూడా ఊరికే పెట్టలేదు. ఫోన్‌లో టైటిల్ చివర తెగిపోతుంది. తరగతి, సబ్జెక్టు, పాఠం పేరు ముందు ఉంటే తెగినా అవి మిగులుతాయి. మరి బోర్డు తెగిపోతే? అందుకే దాన్ని థంబ్‌నెయిల్ మీద పెద్ద అక్షరాలతో వేస్తాను. పాఠం పేరు రెండు భాషల్లో ఎందుకంటే, ఇంగ్లీష్ మీడియం పిల్లలు ఇంగ్లీష్ పేరుతో వెతుకుతారు, అమ్మానాన్నల్లో చాలామంది మైక్ నొక్కి తెలుగులో అడుగుతారు. "sarupa tribhujalu" అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టేవాళ్ళ కోసం ఆ స్పెల్లింగ్ డిస్క్రిప్షన్‌లో ఒక వాక్యంలో పెడతాను.

డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్లే బయటికి కనిపిస్తాయి. అక్కడ "సబ్‌స్క్రైబ్ చేయండి" అని రాయకుండా ఇది రాస్తాను.

```
పుస్తకం: AP SSC 10వ తరగతి గణితం, 2024-25 నుంచి వాడుతున్నది (NCERT)
ఇందులో: అభ్యాసం 8.1 మొత్తం. 8.2 తర్వాతి వీడియోలో.
```

ఏపీ, సీబీఎస్ఈ రెండింటికీ వీడియో ఒకటే అయినా ప్లేలిస్టులు మాత్రం రెండు. ఒకే వీడియోని రెండు ప్లేలిస్టుల్లో పెట్టొచ్చు, మళ్ళీ అప్‌లోడ్ అక్కర్లేదు. పాఠం ఒకటైనా పరీక్ష ఒకటి కాదు. ఏపీలో గణితం పేపర్ 100 మార్కులకి, సీబీఎస్ఈలో 80కి. మోడల్ పేపర్ వీడియోలు ఏ బోర్డువి ఆ ప్లేలిస్టులోనే ఉండాలి.

ఇక పాఠాలు చెప్పేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. నంబర్‌ని నోటితో చెప్పకండి. టైటిల్, డిస్క్రిప్షన్, థంబ్‌నెయిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వ్యూస్ పోవు. కానీ అప్‌లోడ్ అయిన వీడియోలో మీ గొంతు మార్చలేరు. మహా అయితే ఆ ముక్క కత్తిరించగలరు. నేను ఆ పాత వీడియోలో మూడు చోట్ల "మన ఎనిమిదో చాప్టర్‌లో" అన్నాను. టైటిల్ మార్చి "తెలంగాణ" అని పెట్టాక ఇప్పుడది సరిపోతోంది, రేపు తెలంగాణ పుస్తకం మారితే మళ్ళీ తప్పే. కోడ్‌లో మారిపోయే విలువని హార్డ్‌కోడ్ చేయకూడదని ఉద్యోగంలో రోజూ చెప్పేవాణ్ణి, నోట్లో మాత్రం హార్డ్‌కోడ్ చేసుకున్నాను. ఇప్పుడు పాఠం పేరే చెప్తాను. మొదటి పదిహేను సెకన్లలో పుస్తకం అట్ట, విషయసూచిక చూపిస్తాను.

మీ పేరు తప్పిందని ఎలా తెలుస్తుంది? స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిచి, యూట్యూబ్ సెర్చ్‌లో ఏ మాటలు కొట్టి వచ్చారో చూడండి. నా సరూప త్రిభుజాల వీడియోకి జనం "trigonometry" అని కొట్టి వస్తున్నారు. మొదటి అర నిమిషంలోనే గ్రాఫ్ నిట్టనిలువుగా పడిపోతోంది. రెండేళ్ళ పాటు నేను దాన్ని "నా ఇంట్రో బాగాలేదేమో" అనుకున్నాను. ఇంట్రో కాదు, పేరు.

చివరగా తల్లిదండ్రులకి. వీడియో మొదలుపెట్టే ముందు పిల్లల పుస్తకంలో విషయసూచిక తెరవండి. నంబర్ కాదు, పాఠం పేరు చూడండి. తర్వాత మొదటి అభ్యాసంలో మొదటి లెక్క చూడండి. ఏపీ, సీబీఎస్ఈ పుస్తకంలో 8.1 మొదటి లెక్కలో AB 24 సెం.మీ., BC 7 సెం.మీ. అని ఉంటుంది. వీడియోలో అవే అంకెలు కనిపిస్తే అది మీ పాఠమే. లెక్క రాకపోయినా అంకెలు పోల్చుకోవచ్చు. అంకెలు కలవకపోయినా, "ఇది మా పాఠం కాదు" అని పిల్లలు అన్నా, ముందు మా టైటిల్‌ని అనుమానించండి.

ఆ అమ్మకి ఈ ఎపిసోడ్ లింక్ పంపిస్తున్నాను. ఆ అమ్మాయికి సారీ. పాత వీడియోల్లో ఇంకా నలభై పైచిలుకు టైటిళ్ళు సరిచేయాల్సినవి ఉన్నాయి. మీ కంట పడితే బోర్డు పేరు, పాఠం పేరు రాసి కామెంట్ పెట్టండి, మార్చేస్తాను. ఉంటానండి.