నిండు నెలల్లో గుండెల మంట, మలబద్ధకం

పొదుపులు, లోన్లు, కిస్తీల లెక్కలన్నీ అయినయి. మాకు ఆరోగ్యం మీద మాట్లాడమని పది నిమిషాలు ఇచ్చిన్రు. నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే ముచ్చటే చెప్తున్నం. ఏడో నెల దాటిన ఆడపిల్లకు వచ్చే గుండెల మంట, మలబద్ధకం గురించి.

పోయిన పసుపు సీజన్‌లో మా సంఘంలో ఒక చెల్లెకు ఎనిమిదో నెల. పేరు చెప్పం, ఆమెను అడిగే ఈ సంగతి చెప్తున్నం. ఉడికిన పసుపు కళ్లంలో ఎండుతుంటే పొద్దంతా వంగి కూర్చుని కొమ్ము వేరు, మండ వేరు చేసే పని. అక్కడ మరుగుదొడ్డి లేదు. అందుకే పొద్దున తాగిన నీళ్ళే, మళ్ళ సాయంత్రం దాకా గొంతు తడుపుకోలేదు. నడుమ చాయ్ మాత్రం మూడు నాలుగు సార్లు. ఇంటికొచ్చి వంట చేసి తినేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు ఆకలికి కంచం నిండ అన్నం, మామిడి తొక్కు, పచ్చిపులుసు. తిన్న వెంటనే నడుము వాల్చుడు. పది గంటలకల్లా ఛాతీలో నిప్పు పెట్టినట్టు మంట, నోట్లకు పుల్లటి నీళ్ళు. మలానికి మూడు నాలుగు రోజులకు ఒకసారి పోయేది, అదీ గట్టిగ ముక్కితేనే.

ఆమె ఏం చేసిందంటే, మంటకు వంటసోడా నీళ్ళు తాగింది. మలం గట్టిపడ్డదని ఐరన్ గోళీలు బంద్ పెట్టింది. ఇంట్లో అడిగితే వేసుకుంటున్ననే అన్నది. గోళీలు అల్మారలో ఉన్నయి. ఆరో నెలలో 10.4 ఉన్న రక్తం ఎనిమిదో నెలలో చూస్తే 8.2. గర్భిణికి 11 కన్నా తగ్గితేనే రక్తహీనత అంటరు. కాన్పు దగ్గర పడ్డది కాబట్టి గోళీలతో సరిపోదని డాక్టరమ్మ సెలైన్‌లో ఐరన్ ఎక్కించింది. కాన్పులో రక్తం పోతే తట్టుకునే బలం ఆ ఐరన్‌దే. మలబద్ధకం చిన్న బాధే కావచ్చు, కానీ దానికి భయపడి గోళీ ఆపుడు చిన్న సంగతి కాదు.

ఇది ఎందుకొస్తదో కూడా తెలవాలె. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఒక హార్మోన్ ఎక్కువైతది. అది గర్భసంచిని వదులుగ ఉంచనీకి. కానీ అదే హార్మోన్ తిండి గొట్టం కింద ఉండే మూతను కూడా వదులు చేస్తది, పేగులను మెల్లగ చేస్తది. మూత వదులైతే కడుపులోని పులుపు పైకి తన్నుతది. పేగులు మెల్లగైతే మలంలోని నీరంతా ఇంకిపోయి గట్టిపడతది. దానికి తోడు పెరిగిన గర్భం కడుపును పైకి, పేగులను పక్కకు నెడతది. “వేడి చేసింది” అని మనం అనుకునే దాంట్ల చాలా మటుకు ఇదే.

ఆ చెల్లె విషయంలో మేము ముందుగాల మార్పించింది తిండి టైము. ఇద్దరి తిండి ఒకేసారి తినాలనేది వట్టి మాట. అదే తిండిని ఐదారు సార్లు కొంచెం కొంచెం తినుమన్నం. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం మధ్యాహ్నం ఎట్లాగూ ఉన్నది, పాలు, గుడ్డుతో సహా. అది కడుపునిండ తిని, రాత్రిది తగ్గించి ఏడు గంటలకల్లా ముగించాలె. తిన్నాక రెండు మూడు గంటలు పండుకోవద్దు. తొక్కు, పచ్చిపులుసు, వేపుడు రాత్రి పూట వద్దు. పుంటికూర మనకు ప్రాణమే, కానీ మంట ఉన్నన్ని రోజులు మధ్యాహ్నమే తినండ్రి, అదీ కొంచెమే.

పండుకునే తీరు కూడా మార్చినం. మంచానికి తలాపు దిక్కు కాళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టినం, నాలుగైదు అంగుళాలు లేచేటట్టు. ఉట్టి మెత్తలు ఎత్తు పెడితే నడుము దగ్గర ఒళ్ళు వంగి కడుపు నొక్కుకుపోతది, మంట ఇంకా ఎక్కువైతది. మంచం మొత్తం వాలుగ ఉండాలె. ఎడమ పక్కకు తిరిగి పండుకుంటే పులుపు పైకి రావుడు తగ్గుతది. నిండు నెలల్లో వెల్లకిలా పండుకోవద్దని ఎట్లాగూ చెప్తరు. కళ్లంలో కూడా వంగి ఏరకుండ, ఎత్తు పీట మీద కూర్చుని పసుపును బల్ల మీద పోసుకొని ఏరుమన్నం. ఆ రైతు ఒప్పుకున్నడు, రెండు రోజులు అడిగితే.

మలబద్ధకానికి మొదటి మందు నీళ్ళు. రోజుకు ఎనిమిది పది గ్లాసులు, మజ్జిగ కూడా లెక్కలోకే వస్తది. కానీ మరుగుదొడ్డి లేని చోట పొద్దంతా పనిచేసేటామెకు నీళ్ళు తాగుమంటే ఎట్ల తాగుతది? ఆమెకు పక్క ఇంటి దొడ్డి మాట్లాడి పెట్టినం, అప్పుడే తాగింది. తిండిలో జొన్నరొట్టె, పెసర్లు, పాలకూర, తోటకూర, జామపండు చేర్చినం. పొద్దున గోరువెచ్చని నీళ్ళు తాగి, తిన్న అరగంటకు వెళ్ళే అలవాటు చేసుకుంటే పేగులకు అదే టైము అలవాటైతది. వచ్చినప్పుడు ఆపుకోవద్దు, ముక్కొద్దు, ముక్కితే మొలలు వస్తయి. మన కింద కూర్చునే దొడ్డి మంచిదే, లేచేటప్పుడు పట్టుకోను గోడకు కడ్డీ ఉంటే చాలు. కుర్చీ దొడ్డి అయితే పాదాల కింద చిన్న పీట వేసుకొని మోకాళ్ళు పైకి రావాలె.

దీనితో వారంలో తగ్గకపోతే ఇసబ్‌గోల్ పొట్టు వాడొచ్చు. ఒక చెంచా పొట్టు గ్లాసు నిండ నీళ్ళలో కలిపి నిలవ పెట్టకుండ తాగాలె, మీద ఇంకో గ్లాసు నీళ్ళు. నీళ్ళు తక్కువైతే అది లోపలే ఉబ్బి అడ్డం పడతది. పనిచేయనీకి రెండు మూడు రోజులు పడుతది. దాంతోని కాకపోతే డాక్టర్ సిరప్ రాస్తరు. ఆముదం మాత్రం తాగొద్దు. విరేచనంతో పాటు గర్భసంచికి నొప్పులు కూడా లేపొచ్చు. సునాముఖి పొడులు కూడా సొంతంగ వాడొద్దు.

మంటకు వంటసోడా, నీళ్ళలో పొంగే పొడి ప్యాకెట్లు వద్దు. వాటిల ఉప్పు గుణం ఎక్కువ, బీపీ, వాపులు ఉన్నామెకు చెడ్డది. ఏఎన్ఎంను అడిగితే డాక్టర్‌కు చూపించి తెల్లటి జెల్ మందు ఇప్పిస్తరు. ఇంకో ముచ్చట, పసుపు ఊరోళ్ళం కదా, ప్రతి దానికీ పసుపే అంటం. కూరలో వేసేది భయం లేదు. చెంచాలకొద్దీ మింగుడు, పసుపు గొట్టాల మాత్రలు కడుపుతో ఉన్నప్పుడు వద్దు.

ఇగ ఐరన్ గోళీ. తిన్న రెండు గంటలకు వేసుకోవాలె, వికారం అయితే రాత్రి వేసుకోవచ్చు. చాయ్‌తో, పాలతో వద్దు. కాల్షియం గోళీకి, జెల్ మందుకు, ఇసబ్‌గోల్‌కు దీనికి రెండు గంటల ఎడం ఉండాలె, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. మలం నల్లగ వస్తే అది గోళీ వల్లనే, భయపడొద్దు. బిడ్డ నల్లగ పుడతదనేది అబద్ధం. పడకపోతే ఆపకుండ ఏఎన్ఎంకు చెప్పండ్రి, వేరే రకం ఇస్తరు.

ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండ్రి. రొమ్ముల కింద, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉండి, తలనొప్పి, కండ్లు మసకలు, మొకం వాపు వస్తే అది గుండెల మంట కాదు, బీపీ పెరిగిన గుర్తు కావచ్చు. జెల్ మందు తాగి ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే 108 పిలవాలె. రక్తం వాంతి అయినా, కడుపు ఉబ్బి గాలి కూడా పోకుండ వాంతులైనా అంతే. కడుపునొప్పి పది పదిహేను నిమిషాలకోసారి వస్తూ పోతూ ఉంటే మలబద్ధకం అనుకోవద్దు, అవి కాన్పు నొప్పులు కావచ్చు.

ఆ చెల్లెకు మంట పది రోజులకు సగం తగ్గింది, పూర్తిగ పోలేదు. కాన్పు అయినంకనే పోయింది. మలం మాత్రం రెండు రోజులకోసారి సాఫీగ అయ్యింది. ఐరన్ ఎక్కించినంక కాన్పు ముందు చూస్తే రక్తం 10 దాటింది. ఇప్పుడు సంఘం మీటింగ్‌లో లెక్కలు రాసుడు అయినంక, కడుపుతో ఉన్నోళ్ళను గోళీల పత్తా తీసి చూపించమంటున్నం. ఎన్ని మిగిలినయో పత్తానే చెప్తది.