పలకపై నాలుగు గుర్తులు



వికారాబాదునుండి తాండూరు మార్గమున పయనించువారు గుళ్లను, మసీదులను, మెథడిస్టు క్రైస్తవుల ప్రార్థనాలయములను చూచుచుందురు. ఆ ప్రాంతమున ఒక గ్రామమునకు నేను వెళ్లినప్పుడు, అచ్చటి పెద్దలు బడిగోడకు నాపరాతి పలక నొకటి అమర్చి, దానిపై ఓంకారము, సిలువ, నెలవంక, ధర్మచక్రము చెక్కింప నిశ్చయించిరి. ఉలి చేతబట్టిన పనివాడు నాలుగు ప్రశ్నలు వేసెను. రాతిలో తప్పు దొర్లినచో దిద్దుట కష్టము. పైగా అది పొరుగువాని మనస్సును నొప్పించును. కనుక పెద్దలు నన్ను గూడ పిలిచిరి.

మొదటి ప్రశ్న: చక్రమునకు ఎన్ని ఆకులు? బుద్ధుడు సారనాథమున చేసిన తొలి బోధకు ధర్మచక్రప్రవర్తనమని పేరు. ఆ బోధలోని అష్టాంగమార్గమునకు గుర్తుగా 8 ఆకులు వేయుదురు. సారనాథమందలి అశోకుని స్తంభశిఖరముపై నున్న చక్రమునకు 24 ఆకులు. 1947 జూలై 22న రాజ్యాంగసభ జాతీయపతాకమున స్వీకరించినది దానినే. మన అమరావతి శిల్పులు తొలినాళ్లలో బుద్ధుని రూపము చెక్కక, స్తంభముపై చక్రము నిలిపి ఆయన సన్నిధిని సూచించిరి. పలకపై మతమును తెలుపగోరితిరి గనుక 8 చాలునంటిని.

రెండవది: సిలువపై మనిషి రూప ముండవలెనా? సిలువ రోమనుల మరణదండన సాధనము. అవమానచిహ్నమైన ఆ కొయ్యపై క్రీస్తు లోకముకొరకు ప్రాణ మర్పించెనని క్రైస్తవుల విశ్వాసము. రోమను కథోలికులు ఆయన రూపముతో కూడిన సిలువను నిలుపుదురు. మెథడిస్టులు సాధారణముగా వట్టి సిలువనే ఉంతురు. ఆయన తిరిగి లేచెనని దాని భావము. ఆ యూరివారు మెథడిస్టులు గనుక వట్టి సిలువయే తగును.

మూడవది: వంక ప్రక్కన చుక్క వలయునా? దీనికి ఆ యూరి ముసలి సాయిబుగారే బదులు చెప్పిరి: "మేము చంద్రుని చూతుము గాని మ్రొక్కము." నెలవంక కనబడుటతో వారి మాసము మొదలగును. నెలవంకలు జనులకు, హజ్ యాత్రకు కాలమును తెలుపునవని ఖురాను చెప్పుచున్నది. వారి సంవత్సరము ఇంచుమించు 354 దినములు. అందుచేతనే రంజాను ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. వంకను మతచిహ్నముగా ధరింపుడని ఖురాను విధింపలేదు. తురుష్క సుల్తానుల పతాకములవలన అది లోకమున ప్రసిద్ధమైనది. చుక్కయు అట్టిదే. ఉన్నను లేకున్నను దోషము లేదు.

కడపటిది: ఓంకారము తెలుగులిపిలోనా, నాగరిలోనా? ఓంకారమునకు ధ్వని ప్రధానము, లిపి కాదు. అకార, ఉకార, మకారములు జాగ్రత్, స్వప్న, సుషుప్తులనియు, ధ్వని యణగిన పిదప మిగులు నిశ్శబ్దము నాల్గవదగు తురీయమనియు మాండూక్యోపనిషత్తు చెప్పును. బడిపిల్లలు చదువగలుగునట్లు తెలుగుననే చెక్కుమంటిని.

అట్లే చెక్కిరి. సాయిబుగారు చుక్క వలదనిరి, పనివాడు మానెను. గుర్తు ఎవరిదో వారినే ముందుగా అడుగుట మంచిదని నేనును ఆనాడు నేర్చికొంటిని.