కామారెడ్డి జిల్లా పాత జీవో సైట్ మాయమైందా? వెబ్ ఆర్కైవ్‌లో ఇలా వెతకండి

ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేకుండా పోయిన వెబ్ పేజీని ఫోన్‌లోనే ఎట్లా వెతికి పట్టుకోవాలో ఇవాళ చూద్దాం. ఊరికే థియరీ చెప్పను, మన కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్లకు పనికొచ్చే ఒక్క కేసు తీసుకుని మొదటి నుంచి చివరి వరకు చేద్దాం.

కేసు ఏంటంటే, 2016 అక్టోబర్ 11, దసరా రోజు కామారెడ్డి జిల్లా వచ్చింది. అంతకుముందు కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ నిజామాబాద్ జిల్లాలోనే ఉండేవి. అందుకే ఎల్లారెడ్డి దగ్గర చదువుకున్న తమ్ముడికో చెల్లికో పాత స్టడీ సర్టిఫికెట్‌లో నిజామాబాద్ జిల్లా అని ఉంటుంది, ఆధార్‌లో కామారెడ్డి జిల్లా అని ఉంటుంది. వేరే రాష్ట్రంలో అడ్మిషన్‌కో ఉద్యోగానికో పోతే, "ఇదేంటి, రెండు జిల్లాలు ఎందుకున్నాయి?" అని అడుగుతారు. దానికి జవాబు జిల్లాను ఏర్పాటు చేసిన రెవెన్యూ శాఖ జీవోలో ఉంది. ఏ మండలం కింద ఏ ఊర్లు వస్తాయో అందులో రాసి ఉంటుంది.

అప్పట్లో ఈ కాగితాల కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక సైట్ పెట్టింది. దాని పేరు newdistrictsformation.telangana.gov.in. ముసాయిదా నోటిఫికేషన్లు, అభ్యంతరాలు, ఫైనల్ జీవోలు అన్నీ అందులోనే ఉండేవి. జిల్లాలు వచ్చేశాయి, సైట్ పని అయిపోయింది. ఇప్పుడు ఆ అడ్రస్ కొడితే పేజీ రాదు.

అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ అని అమెరికాలో ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉంది. 1996 నుంచి వెబ్ పేజీలకు కాపీలు తీసి దాస్తోంది. ఆ కాపీలను మనం చూసే చోటు పేరు వేబ్యాక్ మెషీన్. ఫ్రీ, లాగిన్ అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. గూగుల్‌లో వెతికినట్టు "కామారెడ్డి జీవో" అని కొడతారు, ఏమీ రాదు. ఎందుకంటే ఇక్కడ కాపీలు పేజీలో ఉన్న మాటల ప్రకారం కాదు, పేజీ అడ్రస్ ప్రకారం దాచి ఉంటాయి. అడ్రస్ తెలిస్తేనే తాళం తెరుచుకుంటుంది.

ఇంకొకటి, ఆ రోజుల్లో ఉన్న అడ్రస్ కావాలి. ఇప్పటి కామారెడ్డి జిల్లా సైట్ kamareddy.telangana.gov.in. జిల్లానే 2016లో పుట్టింది కాబట్టి, ఈ అడ్రస్ కింద 2014 నాటి ఎల్లారెడ్డి పేజీ కోసం ఎంత వెతికినా దొరకదు. అప్పటిది నిజామాబాద్ పాత సైట్ nizamabad.nic.in కింద వెతకాలి. మరి పాత అడ్రస్ ఎక్కడ దొరుకుతుంది? వికీపీడియాలో మీ జిల్లా, మీ మండలం వ్యాసం తెరిచి కింద మూలాలు చూడండి. చచ్చిపోయిన లింకులు అక్కడ అట్లనే ఉంటాయి, కొన్నిటి పక్కన ఆర్కైవ్ లింక్ కూడా ఉంటుంది.

సరే, మన దగ్గర అడ్రస్ ఉంది. ఫోన్‌లో క్రోమ్ తెరిచి అడ్రస్ బార్‌లో ఇది కొట్టండి.

```
web.archive.org/web/*/newdistrictsformation.telangana.gov.in*
```

రెండు చుక్క గుర్తులు చూశారా? మొదటిది "ఏ తేదీ అయినా సరే" అని. చివరిది "ఈ అడ్రస్‌తో మొదలయ్యే పేజీలన్నీ చూపించు" అని. కొట్టగానే పెద్ద లిస్ట్ వస్తుంది. ఫోన్ అడ్డం తిప్పితే బాగా కనిపిస్తుంది. పైన ఫిల్టర్ బాక్స్ ఉంటుంది, అందులో ముందు kama అని కొట్టండి. పూర్తి పేరు వద్దు, ఎందుకంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కో ఫైల్‌లో ఒక్కోలా ఉంటుంది. దాంతో దొరక్కపోతే pdf అని కొట్టి ఒక్కొక్కటి చూడండి.

ఫైల్ మీద నొక్కితే కాపీ తెరుచుకుంటుంది, లేదా క్యాలెండర్ వస్తుంది. క్యాలెండర్‌లో నీలం చుక్క ఉంటే ఆ రోజు పేజీ సరిగ్గా దొరికిందని అర్థం. ఆకుపచ్చ అయితే అప్పటికే వేరే అడ్రస్‌కు మళ్లించారని. నారింజ, ఎరుపు అయితే ఆ రోజు ఎర్రర్ వచ్చిందని. ముందు నీలం చుక్కలు నొక్కండి.

తెరుచుకున్నాక పైన అడ్రస్ బార్ చూడండి. 14 అంకెలు ఉంటాయి. 20161130 అని మొదలైతే 2016 నవంబర్ 30న తీసిన కాపీ. మిగతా ఆరు అంకెలు గంటలు, నిమిషాలు, సెకన్లు. అది మన టైమ్ కాదు, మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. మీరు అడిగిన తేదీకి కాపీ లేకపోతే వేబ్యాక్ చెప్పకుండా దగ్గరి తేదీకి తీసుకుపోతుంది. అందుకే ఈ అంకెలు తప్పకుండా చదవాలి.

ఈ కేసులో తేదీ ఎందుకంత ముఖ్యమో చెప్తా. 2016 ఆగస్టు 22న వచ్చింది ముసాయిదా మాత్రమే. అందులో 17 కొత్త జిల్లాలు. అభ్యంతరాలు విన్నాక అక్టోబర్ 11న వచ్చిన ఫైనల్‌లో 21. మధ్యలో మండలాలు, ఊర్లు అటు ఇటు మారాయి. మీరు సెప్టెంబర్ కాపీ తెరిస్తే దొరికేది ముసాయిదానే, చూడ్డానికి మాత్రం అచ్చం జీవోలా ఉంటుంది. కాగితం మీద తేదీ 11-10-2016 ఉందా, డ్రాఫ్ట్ అని రాసి ఉందా, ఈ రెండూ చూసుకోండి. డోంగ్లి లాంటి మండలాలు ఆ తర్వాత వచ్చినవి, వాటికి వేరే జీవో ఉంటుంది.

దొరికింది సరే, ప్రింట్ తీసి ఆఫీసులో ఇస్తే ఒప్పుకుంటారా? ఆర్కైవ్ కాపీ సర్టిఫైడ్ కాపీ కాదు. కానీ అందులో జీవో నంబర్, తేదీ, శాఖ పేరు ఉంటాయి. ఆ మూడూ రాసుకుని తహసీల్దార్ ఆఫీసుకు పోయినా, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినా "ఏ జీవో బాబూ?" అనే ప్రశ్న రాదు.

ఒక్కోసారి పేజీ దొరుకుతుంది, దాంట్లోని పీడీఎఫ్ దొరకదు. ఎందుకంటే ఆర్కైవ్ రోబో లింకులు పట్టుకుని పోతుంది, ప్రతి ఫైల్ దానికి విడిగా ఒక అడ్రస్. ఇప్పటి జిల్లా సైట్లలో పీడీఎఫ్‌లు cdn.s3waas.gov.in అనే వేరే చోట ఉంటాయి. అందుకే పేజీలో పీడీఎఫ్ లింక్‌ను నొక్కి పట్టుకుని, అడ్రస్ కాపీ చేసుకుని, దాన్ని విడిగా వెతకాలి. హాల్ టికెట్ నంబర్ కొడితే వచ్చే రిజల్ట్, క్యాప్చా అడిగే పేజీ, లాగిన్ లోపలి పేజీ మాత్రం ఆశ పెట్టుకోకండి. రోబో ఫారమ్‌లు నింపదు.

ఇక ఇవాళ్టి నోటిఫికేషన్ రేపు పోకుండా ఉండాలంటే web.archive.org/save తెరిచి అడ్రస్ పేస్ట్ చేసి సేవ్ కొట్టండి. పేజీకి ఒకసారి, పీడీఎఫ్‌కు ఒకసారి. వచ్చిన లింక్‌ను తెరిచి చూసుకున్నాకే వాట్సాప్‌లో దాచుకోండి. మనుషుల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఉన్న పేజీలైతే సేవ్ చేయొద్దు, అది అందరికీ కనిపిస్తుంది.

ఇప్పుడు మీ మండలం వికీపీడియా పేజీ తెరిచి, మూలాల్లో చచ్చిపోయిన లింక్ ఒకటి పట్టుకుని ట్రై చేయండి. మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.