నిర్ణయం జరిగిన తర్వాత

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి శుభాలు కురియుగాక.

ప్రియ సోదరులారా!

మన జల్‌పల్లి మస్జిద్ పక్కనున్న ఖాళీ స్థలంలో పిల్లల కోసం మదర్సా గదులు కట్టాలని కమిటీ నిర్ణయించింది. ఆ స్థలం నమాజు కోసమే మిగలాలని కోరినవారూ మనలో చాలామంది ఉన్నారు. ఆనాటి నుంచి ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలిచినవారు సలాం చెప్పుకోవడం మానుకున్నారు. కొందరు జుమాకు వేరే మస్జిద్‌కు వెళుతున్నారు. ఎవరి అభిప్రాయం మేలైనదన్న చర్చను మనం ఈ మింబర్ మీదికి తీసుకురావడం లేదు. నిర్ణయం జరిగిన తర్వాత మాట నెగ్గినవారూ, నెగ్గనివారూ ఎలా నడుచుకోవాలో ఉహద్ సంఘటన నుంచి తెలుసుకుందాం.

హిజ్రీ 3వ సంవత్సరం షవ్వాల్ నెలలో ఖురైషీలు సుమారు 3,000 మంది సైన్యంతో మదీనా మీదికి వచ్చారు. దైవప్రవక్త (స) సహచరులతో సంప్రదించారు. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవడం మేలని ఆయన అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనలేకపోయిన వారూ, ఉత్సాహవంతులైన యువకులూ బయటికి వెళ్లి పోరాడాలని పట్టుబట్టారు. ఆయన తన అభిప్రాయాన్ని పక్కన పెట్టి వారి మాటను అంగీకరించారు. అది జుమా దినం. నమాజు ముగిశాక ఆయన ఇంట్లోకి వెళ్లి కవచం ధరించి వచ్చారు. ఈలోగా ఆ యువకులకు పశ్చాత్తాపం కలిగింది. మీ ఇష్టప్రకారమే పట్టణంలో ఉందామని విన్నవించుకున్నారు. కవచం ధరించిన ప్రవక్త అల్లాహ్ తీర్పు రానిదే దానిని విప్పడం తగదని ఆయన సెలవిచ్చారు. సంప్రదింపు సమయంలో అందరి మాటకూ తావుంది. అది ముగిశాక అందరూ కలిసి నడవవలసిందే.

దారిలో అబ్దుల్లాహ్ బిన్ ఉబై తన మాట వినలేదన్న సాకుతో సుమారు 300 మందిని వెంటబెట్టుకొని వెనుదిరిగాడు. వెయ్యిమందిలో 700 మందే మిగిలారు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. పట్టణంలోనే ఉండాలన్న అతని అభిప్రాయం, దైవప్రవక్త (స) మొదటి అభిప్రాయం ఒక్కటే. అభిప్రాయం ఒక్కటే అయినా, ఒకరు జమాఅత్‌తో ముందుకు సాగారు, మరొకడు జమాఅత్‌ను చీల్చాడు. అతని దోషం అభిప్రాయంలో లేదు, విడిపోవడంలో ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ బిన్ హరామ్ (రజి) వారి వెంట వెళ్లి, తిరిగి రండని బతిమాలారు. వారు రాలేదు. ఆయన ఒక్కరే తిరిగి వచ్చి ఆ యుద్ధంలోనే షహీద్ అయ్యారు.

ఉహద్‌లో 70 మంది ముస్లిములు అమరులయ్యారు. బయటికి వెళ్లడమే తప్పని అనేవారికి అవకాశం దొరికింది. అయితే దివ్య ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరా 152వ ఆయత్‌లో ఆ నష్టానికి వేరే కారణాలు చూపింది. కొండ మీద నిలబెట్టిన విలుకాండ్రు ఆజ్ఞ విషయంలో తమలో తాము వాదులాడుకున్నారు. ఎక్కువమంది తమ చోటు వదిలి దిగిపోయారు. శత్రువుకు అక్కడే దారి దొరికింది.

ఆ తర్వాత అదే సూరా 159వ ఆయత్‌లో అల్లాహ్ తన ప్రవక్తకు ఏమని ఆదేశించాడు? వారిని క్షమించమన్నాడు, వారి కోసం మన్నింపు వేడుకోమన్నాడు, వ్యవహారాల్లో ఇకపైనా వారిని సంప్రదించమన్నాడు. ఎవరి సలహా మీద బయటికి వెళ్లడం జరిగిందో, వారినే మళ్లీ సలహా అడగమని ఆదేశం! నేను ముందే చెప్పానన్న మాటకు అక్కడ చోటు లేదు.

సోదరులారా! మాట నెగ్గనివారు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి: రేపు ఆ గదుల పనికి ఆటంకం వస్తే మన మనసు బాధపడుతుందా, లోలోపల సంతోషిస్తుందా? సంతోషిస్తే మనం కాపాడుతున్నది మస్జిద్‌ను కాదు, మన అహాన్ని. మాట నెగ్గినవారు కూడా ఒక సంగతి మరువరాదు. సంఖ్యాబలం సత్యానికి రుజువు కాదు. ఎదుటివారిని మస్జిద్ శత్రువులని పిలవడం కూడా చీల్చడమే.

ఐక్యత పేరుతో ఎవరి నోరూ మూయించరాదు. చందా లెక్కలు అడగడం ప్రతి నమాజీ హక్కు, చూపించడం కమిటీ బాధ్యత. అడగవలసింది కమిటీ ఎదుట కూర్చొని, వీధి మలుపుల్లో కాదు.

నమాజు తర్వాత ఎవరితో సలాం ఆగిపోయిందో వారి దగ్గరికి ముందుగా మనమే వెళదాం. మాట నెగ్గినవారు ముందడుగు వేస్తే మరింత శోభిస్తుంది.

ఓ అల్లాహ్! మా హృదయాలను కలుపు. మా అహాన్ని అణచు. మా సఫ్‌లలో ఖాళీలు మిగలనీయకు. ఆమీన్.