పెచ్చులూడే పాత స్లాబుకి అసలైన మరమ్మతు

నేను కేంబ్రిడ్జ్‌లో ఐటీ కన్సల్టెంటుని, సివిల్ ఇంజనీరుని కాదు. కాకినాడలో 1984లో కట్టిన మా ఇంటి వంటగది స్లాబుని రెండుసార్లు బాగుచేయించాల్సి వచ్చింది. ఆ రెండోసారి నేర్చుకున్న సంగతులు చెబుతాను. మీలో చాలామంది అమ్మానాన్నలు ఇప్పటికీ అలాంటి డాబాల్లోనే ఉంటున్నారు కదా.

2019లో కప్పు నుంచి పెచ్చులు రాలాయి. మేస్త్రీ వచ్చి, వేలాడేవి కొట్టేసి, బయటపడ్డ ఊచలకి సిమెంటు పాలు పూసి, ప్లాస్టరింగు చేసి వెళ్ళాడు. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. 2022 వానల్లో ఆ ప్లాస్టరింగే పెద్ద పలకలా ఊడి పొయ్యిగట్టు మీద పడింది. అమ్మ అప్పుడే కూర దించి హాల్లోకి వచ్చిందట.

ఎందుకు ఊడింది? ఇనుము తుప్పుపడితే ఆ తుప్పు ఇనుముకి రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకే కాంక్రీటు పగిలి పెచ్చుగా లేస్తుంది. మేస్త్రీ కింద కనిపించే వైపు మాత్రమే చూశాడు. ఊచ వెనక, అంటే స్లాబులోపలి వైపున్న తుప్పు అలాగే ఉంది, అది మళ్ళీ ఉబ్బింది.

రెండోసారి కాకినాడలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించాం. ఆయన చేసిన మొదటి పని స్లాబు కింద బాదులు నిలబెట్టించడం. ఊచల చుట్టూ కాంక్రీటు తీసేశాక స్లాబు బలం తగ్గుతుంది, అందుకని. తర్వాత చిన్న సుత్తితో కప్పంతా తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోటల్లా సుద్దతో గీశారు. పెచ్చు ఊడినచోటు జానెడైతే, గీసినచోటు చాపంత అయింది!

అప్పుడే చెక్కిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే ద్రవం చల్లారు. మన స్కూలు ల్యాబులో ఉండేదే. కాంక్రీటులో క్షారగుణం మిగిలి ఉంటే గులాబీ రంగు వస్తుంది, పోయి ఉంటే రంగు రాదు. మా కప్పు ఊచ దాకా గులాబీ రంగుకి తిరిగింది, అయినా ఊచ మీద గుంటలు గుంటలుగా తుప్పు ఉంది. అంటే అనుమానం ఉప్పు మీద. ల్యాబుకి పంపితే కాంక్రీటులో క్లోరైడు ఉందని తేలింది. పైగా ఊచ కింద కాంక్రీటు మందం 12 మిల్లీమీటర్లే. 2000 నాటి ఐఎస్ 456 ప్రకారం సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి అది 45 ఉండాలి.

ఇక చెక్కడం. ఊచ వెనక కూడా వేలు పట్టేంత, సుమారు 20–25 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేదాకా చెక్కాలి. ఊచ పొడుగునా తుప్పు లేని ఇనుము కనపడేదాకా పోయి, ఇంకో రెండంగుళాలు దాటాలి. అంచులు కట్టరుతో నిటారుగా కోయాలి. పల్చగా సాగదీసిన అంచు మొదట లేచిపోతుంది. ఊచని చుట్టూ వైరుబ్రష్షుతో మెరిసేదాకా రుద్దాలి. యాసిడ్ పోస్తే త్వరగా అవుతుందని పనివాళ్ళంటారు, ఒప్పుకోవద్దు. ఆ యాసిడ్ కూడా క్లోరైడే, లోపల మిగిలిపోతుంది.

శుభ్రం చేశాక వెర్నియర్‌తో కొలిచారు. 8 మిల్లీమీటర్ల ఊచ ఒకచోట 6.5కి వచ్చింది. వినడానికి చిన్న తేడానే కానీ, లెక్కేస్తే దాదాపు మూడోవంతు ఇనుము పోయినట్టు. ఇంజనీరు లెక్క ప్రకారం అక్కడ కొత్త ఊచ పక్కన వేసి, గట్టి ఊచతో రెండువైపులా 400 మిల్లీమీటర్ల చొప్పున కలిపి కట్టించారు.

ఊచలకి జింకు ప్రైమరు పూసి ఆరనిచ్చారు. పాత కాంక్రీటుని ముందురోజు నుంచి తడిపి, నీరు కారకుండా, పొడిబారకుండా ఉన్నప్పుడు పాలిమర్ కలిపిన సిమెంటు ముద్ద పూశారు. అది జిగురుగా ఉండగానే మోర్టారు నొక్కాలి. ఆరిందంటే గీకేసి మళ్ళీ పూయాల్సిందే. నెత్తిమీద పని కాబట్టి అరంగుళం మించకుండా పొరలు పొరలుగా వేశారు. ఊచ వెనక గాలి మిగలకుండా వేళ్ళతో కూరడమే ఇందులో అసలు పనితనం. తడిపి ఉంచాల్సిన రోజులు డబ్బా మీద రాసినట్టే పాటించారు. ఒక్కో సరుకుకి ఒక్కోలా ఉంటుంది.

ఈ మరమ్మతుకీ ఒక హద్దుంది. ఉప్పున్న కాంక్రీటులో ఒకచోట బాగుచేస్తే, దాని అంచు పక్కనే ఉన్న పాత ఊచ ఇంకా వేగంగా తుప్పుపట్టవచ్చు. అంతదాకా తుప్పుపడుతున్న భాగం పక్కవాటిని కాస్త కాపాడుతూ వచ్చింది, ఇప్పుడది ఆగిపోయింది. అందుకే పైన డాబా మీద నీరు దిగకుండా పని చేయించాం. ఏడాదికోసారి నాన్నగారు చేతికర్రతో అంచుల చుట్టూ తట్టి, శబ్దం నాకు ఫోనులో వినిపిస్తారు. మొన్న సంక్రాంతికి తట్టినప్పుడు తూర్పు మూల ఒక్కచోట కొంచెం తేడాగా వినిపించింది. ఇంజనీరుగారిని మళ్ళీ రమ్మన్నాం.