గల్ఫ్ నుంచి తిరిగొస్తున్నారా? జాబ్ మెయిల్ ఇలా రాయండి

మా పెద్దనాన్న గారి అబ్బాయి 2016లో దుబాయ్ వెళ్లాడు, అక్కడ తొమ్మిదేళ్లు అకౌంటెంట్‌గా చేశాడు. ఇప్పుడు హైదరాబాద్ వచ్చేస్తున్నాడు. "ఇరవై కంపెనీలకు మెయిల్ పెట్టానురా, ఒక్కళ్లూ పలకలేదు" అన్నాడు.

మెయిల్ చూపించమన్నా. "గల్ఫ్‌లో తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. వ్యక్తిగత కారణాల వల్ల ఇండియా వస్తున్నాను. అవకాశం ఇవ్వగలరు." అంతే!

ఇది చదివే హెచ్‌ఆర్‌కి మూడు డౌట్లు వస్తాయి. మళ్లీ వెళ్లిపోతాడా? అక్కడి పని ఇక్కడ పనికొస్తుందా? ఎప్పుడు చేరతాడు?

మొదటి డౌట్‌కి రెండు లైన్లు చాలు. "నాన్నగారు ఒక్కరే ఉంటున్నారు, అందుకే కుటుంబంతో వచ్చేస్తున్నాం. పాపను హైదరాబాద్‌లో స్కూల్లో చేర్పించాం." స్కూల్ సంగతి చెప్తే, ఇక్కడే ఉంటాడని వాళ్లకే అర్థమవుతుంది. పాత కంపెనీ మీద కంప్లైంట్లు మాత్రం వద్దు.

అసలు చిక్కు రెండోది. మన దగ్గర జీఎస్‌టీ 2017 జులై 1న వచ్చింది. అప్పటికే అన్న అక్కడున్నాడు. "జీఎస్‌టీ తెలుసని రాసేయనా?" అన్నాడు. వద్దన్నా అన్నా, ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే దొరికిపోతావ్.

కానీ యూఏఈలో 2018 జనవరి 1న వ్యాట్ మొదలైంది. మొదటి రిటర్న్ నుంచి అన్నే చేశాడు. బిల్లులు చెక్ చేయడం, కొన్నవాటి మీద కట్టిన ట్యాక్స్ లెక్కలోంచి తగ్గించుకోవడం రెండు చోట్లా ఉన్నవే. తేడా ఎక్కడంటే, అక్కడ మామూలు రేటు 5 శాతం ఒక్కటే. ఇక్కడ రేట్లు చాలా ఉంటాయి. పైగా మనకు అమ్మినవాళ్లు తమ రిటర్న్‌లో ఆ బిల్లు చూపించాలి. అప్పుడే అది మన జీఎస్‌టీఆర్-2బీలో కనిపిస్తుంది. కనిపించకపోతే క్రెడిట్ ఆగిపోతుంది.

అందుకే సెలవులో వచ్చినప్పుడు తెలిసిన సీఏ గారి ఆఫీసులో పది రోజులు కూర్చుని 2బీ మ్యాచింగ్ నేర్చుకున్నాడు. తర్వాతే ఇలా రాశాడు: "నెలకు సుమారు 600 బిల్లులు చూసి, వ్యాట్ రిటర్న్‌లు తయారుచేశాను. జీఎస్‌టీ రిటర్న్ సొంతంగా ఇంకా వేయలేదు. 2బీ మ్యాచింగ్ ఒక సీఏ ఆఫీసులో చేసి చూశాను." టర్నోవర్ దిర్హమ్స్‌లో రాస్తే ఇక్కడివాళ్లకు పని సైజు అందదు. బిల్లుల లెక్క ఎవరికైనా అందుతుంది.

మూడోది తేదీ. "త్వరలో వస్తాను" కాదు, "జూన్ 10కి హైదరాబాద్‌లో ఉంటాను, 16 నుంచి చేరగలను" అని రాయాలి. ఇండియా నంబర్ ఇవ్వండి. ఫోన్ ఇంటర్వ్యూ టైమ్ మన టైమ్‌లోనే రాయండి. ఇక్కడ పది అంటే దుబాయ్‌లో ఎనిమిదిన్నర.

మెయిల్ ఇంగ్లీష్‌లోనే పెట్టాడు, నేను మీకు తెలుగులో చెప్పా. ఈసారి ఆరు కంపెనీలకు పంపితే రెండు పిలిచాయి. ఒకచోట అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "2బీలో బిల్లు కనిపించకపోతే ఏం చేస్తారు?"

మీరూ బయటి నుంచి వస్తుంటే, ఏ పని చేశారో కామెంట్‌లో రాయండి. ఉంటా మరి.